మరగబెట్టినా పోని విషం: కానాగంతలు, తూర చేపల్లో హిస్టమిన్

(చేపల వ్యాపారులు, హోటళ్లు, హాస్టళ్ల వంటవాళ్లు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రానివాళ్ల కోసం రికార్డింగు నుంచి రాసి పెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, పర్లేదు.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. చేప కొంచెం నలిగింది, కొంచెం మెత్తబడింది. పారేయడానికి మనసొప్పదు. ఏం చేస్తాం? ఉప్పు, పసుపు వేసి నాలుగుసార్లు కడుగుతాం. నిమ్మకాయ పిండుతాం. కారం, మసాలా దట్టించి ఎర్రగా వేయిస్తాం. లేదా పులుసులో పడేసి బాగా మరగనిస్తాం. "బాగా ఉడికితే ఏమీ కాదు" అంటాం. అంటామా, అనమా? అదిగో, తలలు ఊపుతున్నారు.

చాలా వాటికి ఆ మాట నిజమే. కానీ కానాగంతలకి, తూర చేపకి మాత్రం నిజం కాదు. అవి చెడితే వాటిలో పుట్టే హిస్టమిన్ అనే విషం ఉడికించినా పోదు. ఇవాళ నేను మాట్లాడేది అంతా ఈ ఒక్క ముక్క గురించే. ఎందుకు నిజం కాదు, మరి ఏం చెయ్యాలి అన్నదే.

ముందు ఏ చేపలో చెప్పుకుందాం. తూర అంటే టూనా, మనవైపు సూర అని కూడా అంటారు. తర్వాత కానాగంతలు, వంజరం. ఇవన్నీ ఒకే కుటుంబం. కవళ్లు, నెత్తళ్లు వేరే కుటుంబాలు, అయినా వాటికీ ఇదే గుణం ఉంది. మరి చందువా? పండుగప్ప? చెరువులో పెంచే బొచ్చె, శీలావతి? వీటి వల్ల ఈ జబ్బు వచ్చిందని మామూలుగా వినం. పాడైతే అవీ తినకూడదు, అది వేరే సంగతి. ఇవాళ్టి విషం మాత్రం మొదటి జట్టుది.

ఇప్పుడు తిన్నవాడికి ఏమవుతుందో చూడండి. భోజనం ఇంకా చెయ్యి కడుక్కునేదాకా కూడా రాదు, ఒక్కోసారి తింటుండగానే నాలుక మీద మిరియం నమిలినట్టు చురుక్కుమంటుంది. నోటి చుట్టూ తిమ్మిరి. కొందరు ఏదో లోహం నాకినట్టుంది అంటారు. కూరలో కారం ఎక్కువైంది అనుకుంటారు, మన కూరల్లో అలా అనుకోవడం సహజమే కదా. పది నిమిషాల నుంచి గంటలోపు, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో, మొహం ఎర్రబడుతుంది. మొహం, మెడ, రొమ్ము పైభాగం ఎండలో కమిలినట్టు అవుతాయి, వేడి చిమ్ముతుంది. నల్లగా ఉన్నవాళ్లలో ఆ ఎరుపు కళ్లకి అంతగా ఆనదు. అందుకని రంగు చూసి ఆగిపోకండి, ముట్టుకుని చూడండి, "మొహం మండుతోందా" అని అడగండి. తర్వాత తల పగిలిపోయే నొప్పి, గుండె దడ. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, దురద. కొందరికి కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు.

చాలామందికి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, మర్నాటికి మామూలుగా ఉంటారు. అందుకే ఇది లెక్కల్లోకి రాదు. "చేప పడలేదు" అని ఊరుకుంటారు. ఆసుపత్రికి వెళ్లినా "ఫుడ్ అలర్జీ" అని చీటీలో రాస్తారు. పాపం ఆ మనిషి అప్పటినుంచి జన్మంతా చేప మానేస్తాడు, తప్పు తనది కాకపోయినా. దీనికీ అలర్జీకీ తేడా ఎలా పట్టాలో చివర్లో చెబుతాను. వంటవాళ్లకీ, హాస్టల్ వార్డెన్లకీ అది బాగా కావాలి.

సరే, లోపల ఏం జరుగుతోంది?

తూర కండ ఎర్రగా ఉంటుంది, చూశారుగా. ఆగకుండా ఈదే చేప అది. ఆ కండలో హిస్టిడిన్ అనే పదార్థం విడిగా, బోలెడంత ఉంటుంది. ఇది విషం కాదు, మనం తినే ప్రతి మాంసకృత్తులోనూ ఉండేదే. తూరలో కిలో కండకి పది గ్రాముల దాకా ఉండొచ్చు. కానాగంతల్లో అంతకంటే తక్కువ, కానీ అదీ తక్కువేం కాదు.

చేప బతికున్నప్పుడు మొప్పల్లో, పేగుల్లో కొన్ని బాక్టీరియాలు ఉంటాయి. మోర్గనెల్లా అని ఒకటి, ఫొటోబాక్టీరియం అని ఇంకొకటి, ఇలా కొన్ని. చేప బతికున్నంతసేపూ వాటి వల్ల ఏ గొడవా లేదు. చేప చచ్చిందా, అడ్డు తొలగింది. మొప్పల నుంచి, పేగుల నుంచి కండలోకి దిగుతాయి. వాటి దగ్గర ఒక ఎంజైము ఉంది. అది హిస్టిడిన్‌ని పట్టుకుని, దాన్నుంచి కార్బన్ డై ఆక్సైడ్ ముక్క ఒకటి ఊడగొడుతుంది. మిగిలిందే హిస్టమిన్. అంతే, ఒక్క కోత. దోమ కుట్టినప్పుడు దద్దు లేచి దురద పెడుతుందే, అక్కడ మన ఒంట్లోంచే విడుదలయ్యేది కూడా ఈ హిస్టమినే. ఇక్కడ అది బయటినుంచి, కంచంలోంచి వస్తోంది.

ఎంత మారితే ప్రమాదం? ఇది కాస్త లెక్క, కానీ తేలికే. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్.ఎ.ఓ., ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు కూర్చుని ఒక లెక్క వేశారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక పూట భోజనంలో 50 మిల్లీగ్రాముల హిస్టమిన్ దాకా ఏమీ కాదు. ఒక మనిషి ఒక పూట తినే చేప 250 గ్రాములు అనుకుంటే, కిలోకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు అని తేలింది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో ఉన్నదీ, మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. పెట్టిన పై హద్దూ ఆ 200 మిల్లీగ్రాములే.

ఇప్పుడు తూరలో కిలోకి పది గ్రాముల హిస్టిడిన్ ఉంది అన్నాను కదా. అందులో ఎంత వంతు మారితే ఆ హద్దు దాటుతుంది? సగమా? పావు వంతా? కాదు. నూటికి మూడు వంతులు. మూడంటే మూడు. పది గ్రాముల్లో 300 మిల్లీగ్రాములు మారితే దాదాపు 215 మిల్లీగ్రాముల హిస్టమిన్ వస్తుంది, హద్దు దాటిపోయింది. మిగిలిన తొంభై ఏడు వంతులు అలాగే ఉంది. చేప చూడ్డానికి చేపలాగే ఉంది. ముక్క గట్టిగానే ఉండొచ్చు, వాసన కూడా పెద్దగా ఉండకపోవచ్చు. ఎందుకంటే హిస్టమిన్‌కి మీ ముక్కుకి అందే వాసన లేదు. మనకి తెలిసే నీచువాసన వేరే పదార్థాలది, ముఖ్యంగా ట్రైమిథైలమీన్‌ది. అవీ ఇదీ ఒకే వేగంతో పెరగాలని ఏమీ లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. నిమ్మరసం పిండితే, చింతపండు పులుసు పోస్తే నీచు తగ్గుతుంది కదా? ఎందుకు తగ్గుతుంది? ట్రైమిథైలమీన్ గాలిలోకి లేచే వాయువు. పులుపు తగిలితే అది ఉప్పులాగా మారి నీళ్లలోనే ఉండిపోతుంది, ముక్కుదాకా రాదు. అంటే పులుపు వాసనని నొక్కేసింది. హిస్టమిన్‌ని మాత్రం ఏమీ చెయ్యలేదు. హిస్టమిన్ కూడా పులుపుతో లవణంగా మారుతుంది, నిజమే. కానీ మన కడుపులోనే దానికంటే గట్టి ఆమ్లం ఉంది. అక్కడ ఎలాగూ జరిగేదే పులుసులో ముందే జరిగింది, అంతే. విషం విషంగానే ఉంది. మీకు దారి చూపించే ఒక్క వాసనా పోయింది. నా ఉద్దేశంలో మన వంటింట్లో ఇదే అన్నిటికంటే మోసం చేసే పని.

ఇంక అసలు ప్రశ్న. ఉడికిస్తే ఎందుకు పోదు?

మనం వేడితో చంపేవి, చెడగొట్టేవి ఎలాంటివి? బాక్టీరియా. అది జీవి, చస్తుంది. ఎంజైము. అది మాంసకృత్తు, పొడుగాటి దారం ఒక పద్ధతిగా చుట్టుకుని ఉంటుంది, వేడికి ఆ చుట్ట విడిపోతుంది, ఇక పనిచెయ్యదు. గుడ్డులో తెల్లసొన గట్టిపడేదీ అలాగే. డబ్బాల ఆహారంలో పుట్టే బొట్యులినం విషం ఎంత భయంకరమైనదో మీలో కొందరు వినే ఉంటారు. అది కూడా మాంసకృత్తే, అందుకని 85 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచితే పని చెయ్యడం మానేస్తుంది.

హిస్టమిన్ అలాంటిది కాదు. చాలా చిన్న అణువు. ఐదు కార్బన్లు, మూడు నత్రజనులు, తొమ్మిది హైడ్రోజన్లు, అంతే. అందులో మూడు కార్బన్లు, రెండు నత్రజనులు కలిసి ఒక గట్టి ఉంగరంలా ఉంటాయి. అక్కడ విడిపోవడానికి చుట్ట లేదు, విప్పడానికి మడత లేదు. దాన్ని పాడుచెయ్యాలంటే అణువునే తెంపాలి, ఆ వేడి మన పొయ్యి మీద ముక్కకి తగలదు. పులుసు వంద డిగ్రీల దగ్గర మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్లో 120 దాకా వెళుతుంది. నూనెలో వేయించినా, పైన కరకరలాడుతుంది కానీ ముక్క లోపల నీరున్నంతసేపూ వందకి అటూ ఇటూగానే ఉంటుంది. ఆవిరై ఎగిరిపోతుందా అంటే, అదీ లేదు.

పులిసిన పెరుగుని మరిగిస్తే పులుపు పోతుందా? పోదు కదా. తోడులోని సూక్ష్మజీవులు చస్తాయి, అవి చేసిపెట్టిన ఆమ్లం అలాగే ఉంటుంది. ఇదీ అంతే. పొయ్యి మీద పెట్టగానే హిస్టమిన్ తయారుచేసేవాడు చచ్చాడు. వాడు అప్పటికే చేసిపెట్టింది మిగిలింది.

ఇంకో సంగతి, వేయిస్తే పరిస్థితి ఒక్కోసారి ఇంకా కష్టం. ముక్కలోంచి నీరు పోతుంది, హిస్టమిన్ పోదు. కిలో ముక్కలు వేగాక ముప్పావు కిలో అయ్యాయనుకోండి. కిలోకి 200 ఉన్నది 267 దగ్గరికి వచ్చినట్టే. ఎండబెట్టిన చేపలో ఇది ఇంకా ఎక్కువ. 1973లో జపాన్‌లో ఎండబెట్టిన ఒక రకం చేప తిని 2,656 మందికి ఈ జబ్బు వచ్చింది. అందుకని "మిగిలిపోయినవి ఎండబెట్టేద్దాం" అనే ఆలోచన ఈ చేపలకి పనికిరాదు. ఎండు కానాగంతలు చెయ్యాలంటే తాజావి ఎండబెట్టండి. సాయంత్రం దాకా అమ్ముడుపోనివి కాదు.

పులుసు పెడితే? హిస్టమిన్ నీళ్లలో బాగా కరుగుతుంది. ముక్కలోది కొంత పులుసులోకి దిగుతుంది. మనం పులుసు పారబోస్తామా? అన్నంలో కలుపుకునేది అదే. మర్నాడు ఇంకా రుచి అని దాచుకునేదీ అదే. మొత్తం లెక్కలో పైసా తగ్గలేదు.

వేడి సంగతి మీకు ఇంకా నమ్మకం కలగకపోతే టూనా డబ్బాల కథ వినండి. అమెరికాలో అదే 1973లో టూనా డబ్బాలు తిని 232 మందికి ఈ విషం సోకింది. డబ్బాలో చేప ఎలా పెడతారు? ముందు చేపని ఆవిరి మీద ఉడికిస్తారు, ముళ్లు, తొక్క తీస్తారు. ముక్కలు డబ్బాలో పెట్టి, నూనో ఉప్పునీళ్లో పోసి, మూత బిగించి, రిటార్టు అనే పెద్ద ప్రెషర్ పాత్రలో 115 నుంచి 121 డిగ్రీల దగ్గర, డబ్బా సైజుని బట్టి గంటకి పైగా కూడా ఉంచుతారు. అంటే రెండుసార్లు ఉడికింది, రెండోసారి మన కుక్కర్ కంటే గట్టిగా. ఆ డబ్బాలో బతికున్న బాక్టీరియా ఒక్కటీ ఉండదు. అయినా 232 మంది పడ్డారు. డబ్బా చేసినవాడి వంట తప్పు కాదు. చేప ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కేముందే చెడింది. మన పొయ్యి రిటార్టు కంటే గొప్పదా?

డబ్బా సరిగ్గా ఉన్నా, తెరిచాక సంగతి వేరు. హిస్టిడిన్ ఇంకా అందులోనే ఉంది. శాండ్‌విచ్ కోసం తెరిచి సగం వాడి, చెంచా పెట్టి, మధ్యాహ్నం అంతా బల్ల మీద ఉంచితే చేతుల నుంచి, గిన్నె నుంచి కొత్తగా బాక్టీరియా చేరి మళ్లీ పని మొదలుపెడుతుంది. తెరిచిన డబ్బాని వేరే గిన్నెలోకి తీసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

మరి ఫ్రీజర్? అడుగుదామని చెయ్యెత్తారు మీరు, అడిగే లోపే చెబుతున్నాను. గడ్డకట్టిస్తే ఉన్న హిస్టమిన్ తగ్గదు. కొత్తది పుట్టడం ఆగుతుంది. కొన్ని బాక్టీరియాలు చస్తాయి, కానీ అవి ముందే తయారుచేసిన ఎంజైము గడ్డలో భద్రంగా ఉండగలదు. చేపని బయట పెట్టి కరిగిస్తే ఆ ఎంజైము మళ్లీ పనిలో దిగుతుంది, బాక్టీరియా చచ్చినా సరే. అందుకని ఫ్రీజర్‌లోంచి తీసిన తూరని ప్లాట్‌ఫాం మీద పెట్టి పొద్దున్నించి కరగనివ్వకండి. రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి దించండి. కరిగింది కరిగినట్టు వండండి, మళ్లీ గడ్డకట్టించకండి.

ఇప్పుడు ఇది ఎక్కడ ఆపగలం అన్నది. ఒక బుట్ట కానాగంతల ప్రయాణం గడియారం పట్టుకుని లెక్కేద్దాం. ఇది ఊహించి చెబుతున్నది, ఎవరినీ అనడం లేదు.

రాత్రి రెండు గంటలకి వల తీశారు. చేపలు చచ్చాయి. బోటులో ఐస్ లేదు, "పొద్దున్నే ఒడ్డుకి చేరతాం కదా" అనుకున్నారు. ఏడింటికి రేవుకి వచ్చింది. ఐదు గంటలు గడిచాయి. వేలం, బేరం, ఎనిమిదిన్నర. ఆటోలో ఎక్కించి పైపైన నాలుగు గుప్పిళ్ల ఐస్ చల్లారు. పదింటికి బజారు. బల్ల మీద వరసగా పేర్చి నీళ్లు చిలకరిస్తూ ఒంటిగంట దాకా అమ్మారు. ఒకావిడ కొనుక్కుని సంచిలో వేసుకుని రెండింటికి ఇంటికి వెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం వండింది.

అమెరికా ఆహార శాఖ ఎఫ్.డి.ఎ. ఈ చేపలకి ఒక కొలత పెట్టింది. గాలి గానీ నీళ్లు గానీ 28 డిగ్రీల పైన ఉంటే, చేప చచ్చిన ఆరు గంటల్లోపు ఐస్‌లోకి వెళ్లాలి. 28కి లోపైతే తొమ్మిది గంటలు. మన బంగాళాఖాతం ఎండాకాలం ఎంత ఉంటుంది? 29, 30, ఒక్కోసారి ఆపైన. కాబట్టి మనకి ఆరు గంటల లెక్కే. మన బుట్టకి ఆరు గంటలు ఎప్పుడు నిండాయి? ఎనిమిదింటికి, ఇంకా వేలం పాటలోనే. అక్కడినుంచి ఆవిడ ఫ్రిజ్ దాకా ఇంకో ఆరు గంటలు. అవి ఊరికే పోయిన గంటలు కావు, అసలు పంట పండేది అప్పుడే. బాక్టీరియా మొదట్లో కొద్దిగానే ఉంటుంది, ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పెరుగుతుంది. మొదటి మూడు గంటల కంటే చివరి మూడు గంటలు ఎన్నో రెట్లు చెడ్డవి.

ఆవిడ తప్పు ఏముంది చెప్పండి? ఫ్రిజ్‌లో పెట్టింది, శుభ్రంగా కడిగింది, బాగా ఉడికించింది. అన్నీ సరిగ్గానే చేసింది. ఆవిడ చేతికి వచ్చేసరికే వ్యవహారం అయిపోయింది. అందుకే ఈ విషం విషయంలో బాధ్యత వంటింటిది అని నేను అనను. బోటుదీ, రేవుదీ, బజారుదీ.

కాబట్టి ఐస్. ఎంత ఐస్? పది కిలోల చేప 30 డిగ్రీల దగ్గర ఉంది, సున్నాకి దించాలి. వేడి లెక్క కడితే మూడు కిలోల పైచిలుకు ఐస్ కరగాలి. ఇది ఒక్క చేపని చల్లబరచడానికే. మీ పెట్టె గోడల్లోంచి, ఎండలోంచి వచ్చే వేడికి ఇంకా కావాలి. అందుకే మన ఎండల్లో చేప ఎంతో ఐస్ అంత అని చెబుతారు. కిలోకి కిలో. ఖర్చు అంటారు. అవును, ఖర్చే.

చల్లే పద్ధతి కూడా ముఖ్యం. పైన గుప్పెడు చల్లితే పై వరస మాత్రమే చల్లబడుతుంది, మధ్యలో ఉన్నవి ఉక్కపోతలో మగ్గుతాయి. అడుగున ఐస్, దాని మీద ఒక వరస చేప, మళ్లీ ఐస్, మళ్లీ చేప. పగలగొట్టిన ఐస్ సన్నగా ఉండాలి. పెద్ద గడ్డలైతే చేపకి ఆనుకోవు, చేపని నలిపేస్తాయి కూడా. ఇంకా మంచిది, ఐస్‌నీ సముద్రపు నీళ్లనీ కలిపిన చిత్తడిలో ముంచడం. అన్నివైపుల నుంచీ చల్లదనం తగులుతుంది. పెట్టె అడుగున కరిగిన నీళ్లు పోవడానికి చిల్లు ఉండాలి, లేకపోతే కింది వరస ఆ మురికి నీళ్లలో నానుతుంది.

పెద్ద తూరకి ఇదీ చాలదు. విశాఖ నుంచి గాలంతో తూర పట్టేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. ఆ చేప ఒళ్లే సముద్రం కంటే వెచ్చగా ఉంటుంది, గాలానికి పడి పెనుగులాడితే ఇంకా వేడెక్కుతుంది. బయట ఐస్ పెట్టినా వెన్నెముక దగ్గరికి చలి చేరడానికి గంటలు పడుతుంది. అందుకే పెద్ద చేపని వెంటనే చంపి, రక్తం తీసి, మొప్పలు, పేగులు శుభ్రంగా తీసేసి, కడుపు లోపల కూడా ఐస్ కూరాలి. శుభ్రంగా అన్నాను, గమనించండి. అదే మురికి కత్తితో, అదే మురికి నీళ్లతో పేగులు చీలిస్తే బాక్టీరియాని మీరే కండకి పూసినట్టు.

హోటలువాళ్లకి ఒక కొలత. మీ వంటింట్లో ఈ చేపలు ఫ్రిజ్ బయట ఉండే సమయం అంతా కలిపి నాలుగు గంటలు దాటకూడదు. దించడం, కొయ్యడం, మసాలా పట్టించి నానబెట్టడం, అన్నీ కలిపే. మసాలా పట్టించాక కూడా గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఫ్రిజ్ 4 డిగ్రీలకి మించకూడదు, ఒక థర్మామీటరు లోపల పెట్టి చూడండి, బయట తిప్పే గుండీని నమ్మకండి. కొనేటప్పుడు కళ్లు, మొప్పలు చూడండి, నొక్కి చూడండి, తప్పకుండా చూడండి. చెడ్డది చెడ్డది అని తెలుస్తుంది. కానీ చూడ్డానికి బాగున్నది బాగున్నదే అని చెప్పలేం. కళ్ల కంటే "ఐస్‌లో ఎప్పుడు పెట్టారు" అన్న ప్రశ్నే ఎక్కువ చెబుతుంది. జవాబు చెప్పలేని వాడి దగ్గర చందువా కొనుక్కోండి, కానాగంతలు కొనకండి.

ఇంక మనిషి పడిపోతే ఏం చెయ్యాలి, అలర్జీ అని ఎప్పుడు అనుకోవాలి.

ఒక మెస్‌లో ఇరవై మంది తూర కూర తిన్నారు అనుకుందాం. నలుగురికి మొహం ఎర్రబడి తలనొప్పి వచ్చింది. నలుగురికి ఒకేసారి చేప అలర్జీ పుట్టుకొస్తుందా? రాదు. అది విషం. మరి మిగతా పదహారు మందికి ఏమీ కాలేదే అంటారా? హిస్టమిన్ చేప అంతటా సమంగా ఉండదు. ఒకే చేపలో ఒక ముక్కలో కొంచెమే ఉంటే పక్క ముక్కలో ఎన్నో రెట్లు ఉండొచ్చు. తలవైపు, పొట్టవైపు ముక్కల్లో ఎక్కువ. కాబట్టి "వాడు కూడా తిన్నాడు, వాడికేం కాలేదు" అన్నది సాక్ష్యం కాదు. రెండో గుర్తు, ఇదే మనిషి ఇదే చేప ఇంతకుముందు ఎన్నోసార్లు తిని బాగానే ఉండటం. ఒక్కడే పడ్డప్పుడు తేల్చడం కష్టం, డాక్టరుకే వదలాలి.

వైద్యం సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్ మందు. చాలామందికి అది చాలు. కానీ ఆయాసం, ఈలలాంటి ఊపిరి, పెదాలు, నాలుక వాపు, కళ్లు తిరిగి పడిపోవడం, ఇవి కనిపిస్తే మాత్రలు వెతుక్కుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి. అది అలర్జీనా విషమా అన్న చర్చ ఆసుపత్రిలో పెట్టుకోవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో ముందే జాగ్రత్తపడండి.

ఇంకొకరున్నారు, వీళ్ల గురించి ఎవరూ చెప్పరు. టీబీకి మందులు వాడేవాళ్లు. మన పేగు గోడలో హిస్టమిన్‌ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, మామూలుగా కొద్దికొద్దిగా వచ్చేదాన్ని అదే చూసుకుంటుంది. టీబీ మందుల్లో ఐసోనయజిడ్ ఆ ఎంజైము పనికి అడ్డుపడుతుంది. అందుకని మిగతావాళ్లకి ఏమీ చెయ్యని మోతాదు కూడా వీళ్లకి పడకపోవచ్చు. అలాగని మందు ఆపకండి, పొరపాటున కూడా ఆపకండి. కోర్సు నడుస్తున్నన్నాళ్లూ తూర, కానాగంతలు, టూనా డబ్బాలు పక్కన పెట్టి వేరే చేప తినండి. అన్నట్టు, పాడైన చేపలో హిస్టమిన్‌తో పాటు కెడావరిన్, ప్యూట్రెసిన్ అని ఇంకో రెండు పుడతాయి. అవి కూడా ఆ ఎంజైముకే అడ్డుపడతాయి. శుద్ధమైన హిస్టమిన్ మింగిన దానికంటే అంతే హిస్టమిన్ ఉన్న పాడు చేప ఎక్కువ బాధపెట్టడానికి ఒక కారణం అదే అంటారు.

మెస్‌వాళ్లు, హోటలువాళ్లు ఇది రాసుకోండి. ఎవరికైనా ఇలా జరిగితే మిగిలిన కూర, మిగిలిన పచ్చి ముక్కలు పారేయకండి. భయంతో మొదట చేసే పని అదే, చెయ్యకండి. విడివిడిగా సంచుల్లో కట్టి, మీద తేదీ, టైము రాసి, ఎవరూ తినకుండా ఫ్రీజర్‌లో పెట్టండి. డాక్టరుకి "తూర తిన్నారు, ఎన్ని నిమిషాలకి మొదలైంది" అని చెప్పండి. ఆహార భద్రత అధికారికి ఫోన్ చేసి ఆ సంచులు ఇవ్వండి. హిస్టమిన్ ఉడికినా పోదు, గడ్డకట్టినా పోదు అన్నాను కదా, వారం తర్వాత ల్యాబులో చూసినా అది ఆ కూరలో అలాగే దొరుకుతుంది. ఏ బుట్ట, ఏ బోటు, ఎవరు ఐస్ వెయ్యలేదు అన్నది అక్కడినుంచి వెనక్కి వెతుక్కుంటూ వెళ్లొచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ముందు ఆ నీలం చీర అమ్మగారు, చాలాసేపటినుంచి చెయ్యి ఎత్తి ఉంచారు.